అక్షరాలు వచ్చిన పిల్లలకు ఆఖరి రోజు ఏం చెప్పాలి?

మే నెల వచ్చిందంటే అమెరికాలోని వారాంతపు తెలుగు బడుల్లో ఏడాది చివరి సంబరం మొదలవుతుంది. సిలికానాంధ్ర వాళ్లు కాలిఫోర్నియాలో 2007లో మొదలుపెట్టిన మనబడి కావచ్చు, తెలుగు సంఘాలు నడిపే తరగతులు కావచ్చు, గుడి వెనక గదిలో నలుగురు తల్లులు కలిసి చెప్పే పాఠాలు కావచ్చు, పద్ధతి మాత్రం దాదాపు ఒకటే. అక్కడి బడుల లెక్క ప్రకారం శరదృతువులో మొదలై, శని, ఆదివారాల్లో వారానికొకసారి నడిచి, వేసవి సెలవుల ముందు ముగుస్తాయి. ఆ చివరి రోజు పిల్లలు పట్టుబట్టలు కట్టుకుని వస్తారు. పాటలు, పద్యాలు, చిన్న నాటకం, తర్వాత పట్టాలు. పట్టాలు ఇచ్చే ముందు, మొదటి ఏడాది పిల్లలను వేదిక దగ్గర కూర్చోబెట్టి వాళ్ల టీచరు నాలుగు మాటలు మాట్లాడాలి. ఆ నాలుగు మాటలు ఎలా ఉండాలన్నదే ఈ వ్యాసం. అలాంటి బడిలో పాఠం చెప్పేదాన్ని కాబట్టి ఈ విషయం మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది.

ముందుగా ఎదురుగా కూర్చున్నది ఎవరో చూడాలి. ఐదారేళ్ల పిల్లలు. వాళ్లకు తెలిసిన తెలుగు ఇంట్లో తెలుగు. అన్నం తిన్నావా, చెప్పులు వేసుకో, తమ్ముణ్ణి కొట్టకు, ఇక పడుకో. ఈ మాటలతో వాళ్లకు లోకం గడిచిపోతుంది. మాతృభాష, వారసత్వం, సంస్కృతి అనే మాటలు పెద్దవాళ్లకు గుండెలు నింపుతాయి. ఆరేళ్ల పిల్లకు అవి చప్పుళ్లుగానే వినిపిస్తాయి. ఆ మాటలు చెప్పాల్సిన చోటు వేరే ఉంది. తల్లిదండ్రుల కోసం ముఖ్య అతిథి మాట్లాడతారు, అక్కడ అవి అందంగా ఉంటాయి. టీచరు మాట్లాడేది పిల్లలతో. మనం నోటితో మాట్లాడే తెలుగుకే పుస్తకాల్లో చోటు ఉండాలని గిడుగు రామమూర్తి అంతకాలం పోరాడారు. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. పిల్లల ముందు నిలబడినప్పుడైనా ఇంటి తెలుగే మాట్లాడటం ఆయనకు మనం ఇవ్వగలిగిన మర్యాద.

ఇక అసలు సంగతి. అక్షరమాల నేర్చుకున్న ఈ పిల్లలకు తెలియని విషయం ఒకటుంది. తమకు చదవడం వచ్చేసిందని వాళ్లకు తెలియదు.

ఎందుకు తెలియదంటే, వాళ్ల అనుభవం ఇంగ్లిషుది. ఇంగ్లిషులో అక్షరం పేరు ఒకటి, పలుకు ఇంకొకటి. సీ, ఏ, టీ అని మూడు పేర్లు వరసగా చదివితే పిల్లి రాదు. అక్షరాలన్నీ నేర్చుకున్న తర్వాత కూడా మాట చదవడానికి చాలా రోజులు పడుతుందని కిండర్‌గార్టెన్‌లో వాళ్లకు అర్థమైపోయింది. తెలుగులో అలా కాదు. అక్షరం పేరే దాని పలుకు. ప, డ, వ అని మూడూ వరసగా అంటే పడవ వచ్చి ఎదురుగా నిలబడుతుంది. మధ్యలో ఇంకో మెట్టు లేదు. కానీ పిల్లలు ఏడాదంతా అఆఇఈలు పాటలాగా పాడారు, ఒక్కో అక్షరం దిద్దారు, బొమ్మకు రంగు వేశారు. అక్షరాలను పక్కపక్కన పెట్టి ఆగకుండా చదివింది తక్కువ. అందుకే ముగింపు రోజు ఉపన్యాసం పొగడ్తగా కంటే పఠనంగా ఉంటే మంచిదంటాను. ‘మీకు చదవడం వచ్చు’ అని చెప్పడం కంటే, అందరి ముందూ వాళ్ల చేత చదివించాలి. ఆ పని ఐదు నిమిషాల్లో అయిపోతుంది.

దానికి ముందు కొంత కసరత్తు కావాలి. మాటలను ఏరుకోవడమే ఆ కసరత్తు. ఈ పిల్లలకు గుణింతాలు రావు, ఒత్తులు రావు. దీర్ఘం, గుడి, కొమ్ము ఏదీ ఇంకా చెప్పలేదు. అంటే అచ్చులు, తలకట్టుతో ఉన్న హల్లులు, సున్న, ఇవే మన సరుకు. ఈ సరుకుతో చూస్తే మొదట దిగులేస్తుంది. అమ్మ చదవలేరు, మకు ఒత్తు ఉంది. నాన్న చదవలేరు. పాలు, నీళ్లు, బువ్వ, పిల్లి, కుక్క ఏవీ కుదరవు. వాచకంలో ‘అ’ పక్కన ‘అమ్మ’ అని రాసి ఉంటుంది గానీ, పిల్లలు దాన్ని బొమ్మను గుర్తుపట్టినట్టు గుర్తుపడతారు తప్ప చదవరు. చాలామంది పిల్లలకు సొంత పేరు కూడా ఈ సరుకులో ఇమడదు. రమ, కమల ఉంటే అదృష్టం.

అయినా ఏరుకుంటే మాటలు బోలెడు దొరుకుతాయి. ఉడత, పడవ, ఊయల, ఈల, జడ, వడ, పలక, గంట, ఓడ, అల, ఈత, ఎండ, పనస, నగరం. వీటిలోంచి మళ్లీ వడగట్టాలి. గడప, అరక, గంప కూడా చదవగలిగే మాటలే కానీ అమెరికాలో పెరిగే పిల్ల ఎప్పుడూ వాటిని చూడలేదు. మాట చదివాక కళ్లముందు ఏమీ కనబడకపోతే చదివిన సంతోషం సగమే. ఉడత అలా కాదు, అక్కడ ప్రతి పెరట్లోనూ కంచె మీద పరుగెడుతూ ఉంటుంది. ఊయల పార్కులో ఉంది. వడ ఆదివారం పళ్లెంలో ఉంది. అలాగే ప, ష, స మూడూ ఒకే మాటలో రాకుండా చూసుకోవాలి. ద, ధ, థలు కూడా అంతే. ద కింద చిన్న గీత పెడితే ధ, దాని మధ్యలో చుక్క కూడా పెడితే థ. దూరం నుంచి చూసే పిల్లకు ఆ చుక్క కనబడదు. సంబరం రోజు పరీక్ష రోజు కాకూడదు.

మాటలు సరే, వాక్యం సంగతి? ఇక్కడ తెలుగు మనకు గొప్ప సాయం చేస్తుంది. మన క్రియలు చాలావరకు గుడితోనో కొమ్ముతోనో ముగుస్తాయి. వచ్చింది, వెళ్లాడు, తింటారు. అవేవీ ఈ పిల్లలకు అందవు. కానీ తెలుగులో క్రియ లేకుండా కూడా వాక్యం నిలబడుతుంది. ‘ఈ పడవ మన పడవ.’ ఇది నిండు వాక్యం. ఒక్క గుణింతం లేదు. ‘ఎంత ఎండ!’ ఇదీ వాక్యమే. ఇంకా పిల్లలు రోజూ ఇంట్లో వినే క్రియ ఒకటి నేరుగా మన సరుకులోనే ఉంది. ‘పద.’ బడికి ఆలస్యమవుతోంది పద, నిద్ర టైమయింది పద. ఆ రెండక్షరాలను కాగితం మీద చూసినప్పుడు పిల్లల మొహాలు చూడాలి. అమ్మ రోజూ అరిచే మాట ఇదేనా అన్నట్టు పక్కవాళ్ల వంక చూసుకుంటారు.

వీటన్నిటినీ కలిపి నేను రాసుకున్న ఉపన్యాసం ఇది. చేతిలో పెద్ద తెల్ల పలక, నల్ల మార్కరు ఉండాలి. అక్షరం ఒక్కొక్కటి అరచేయంత ఉండాలి.

“పిల్లలూ, ఇటు చూడండి. ఇది పలక. దీని మీద ఒక మాట రాస్తాను. నేను చదవను. మీ అమ్మావాళ్లు కూడా చదవరు. మీరే చదవాలి.

“ఉడత.

“మొదటి అక్షరం ఏంటి? ఉ. తర్వాత? డ. తర్వాత? త. ఇప్పుడు ఆగకుండా, ఒకే ఊపిరిలో అనండి. ఆఁ, ఉడత! మీ ఇంటి వెనకాల చెట్టెక్కేది, గింజలు ఎత్తుకుపోయేది. దాని పేరు మీరే చదివారు. ఎవరూ చెప్పలేదు.

“ఇంకోటి రాస్తాను. ఊయల. మీరు పార్కులో ఊగేది. ఇంకోటి. వడ. ఎవరికి ఇష్టం? చేతులెత్తండి. అంతమందికా! ఇప్పుడు ఇది చూడండి. ఇందాకటి వడలో ఉన్న రెండక్షరాలూ ఇందులో ఉన్నాయి, కానీ అటూ ఇటూ అయ్యాయి. ముందు ఇంకో అక్షరం వచ్చింది. పడవ. చదివారు కదా? అక్షరం చోటు మారితే మాట మారిపోతుంది. అందుకే ఎడమ నుంచి కుడికి వేలు పెట్టి చదవమని చెప్పాను.

“ఇప్పుడు మనం ఒక పుస్తకం చదువుదాం. చిన్న పుస్తకం. నాలుగే పేజీలు. ఒకటో పేజీ.

“ఎండ. ఎంత ఎండ!

“రెండో పేజీ. ఓ ఉడత.

“మూడో పేజీ. ఈ పడవ మన పడవ.

“నాలుగో పేజీ. ఉడత, ఇక పద!

“అయిపోయింది. పుస్తకం మొత్తం చదివేశారు. ఉడత ఎక్కడికి వెళ్లింది? పడవ ఎక్కిందా? అది మీరు ఇంటికెళ్లి బొమ్మ వేసి నాకు చూపించాలి.

“ఇప్పుడు ఒక రహస్యం చెప్తాను. ఇలా రాశాను చూడండి. త, త. ‘తత’ అంటే ఏమీ లేదు. ఉత్త చప్పుడు. మొదటి త నెత్తిన తలకట్టు ఉంది కదా, దాన్ని తుడిచేస్తున్నాను. దాని బదులు పక్కకు ఇలా ఒక గీత లాగుతాను. దీని పేరు దీర్ఘం. ఇది వస్తే త కాస్తా తా అవుతుంది. ఇప్పుడు చదవండి.

“తాత! ఇక్కడ ఎవరి తాతగారు వచ్చారు? తాతగారూ, ఒకసారి లేచి నిలబడండి. మీ పేరే చదివారు. పిల్లలూ, సెలవుల తర్వాత మనం నేర్చుకునేది ఇదే. చిన్న చిన్న గీతలు. ఒక్కో గీత వస్తే ఒక్కో మాట తలుపు తీస్తుంది. అమ్మ అని చదవడానికి ఇంకొంచెం రోజులు పడుతుంది. మ కింద ఇంకో మ కూర్చుంటుంది, దాని సంగతి తర్వాత చెప్తాను. ఈలోగా ఈ పుస్తకం మీది. పట్టాతో పాటు ఇస్తాను. రాత్రి అమ్మమ్మకో నానమ్మకో ఫోన్ చేసి చదివి వినిపించండి.”

ఉపన్యాసం ఇంతే. ఇందులో ‘మీరు చాలా తెలివైనవాళ్లు’ అన్న మాట లేదు. అవసరం లేదనే పెట్టలేదు. తన నోటితో తానే పుస్తకం చదివిన పిల్లకు ఆ సంగతి వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

చెప్పేటప్పుడు తప్పు జరిగే చోట్లు రెండున్నాయి. మొదటిది, పెద్దవాళ్ల ఆత్రం. పలక మీద మాట పడగానే వెనక వరసలోంచి ఏ నాన్నో ‘ఉడత’ అని అందిస్తారు. ప్రేమతోనే అంటారు. కానీ ఆ క్షణం పిల్లల చేతిలోంచి జారిపోతుంది, వాళ్లు చదవడం మాని విన్నది తిరిగి చెప్తారు. అందుకే ‘మీ అమ్మావాళ్లు కూడా చదవరు’ అని మొదట్లోనే పిల్లల వంక చూస్తూ చెప్పేయాలి. అది పిల్లలకు ఆటలా వినబడుతుంది, పెద్దలకు కూడా అర్థమవుతుంది.

రెండోది, ఒక్కొక్కర్ని లేపి చదివించడం. ఏ తరగతిలోనైనా జ్వరాలకూ పుట్టినరోజు పార్టీలకూ కొన్ని వారాలు పోగొట్టుకున్న పిల్లలు ఉంటారు. వాళ్లను అందరి ముందూ నిలబెట్టకూడదు. అందరూ కలిసి చదవాలి. అయితే కలిసి చదివేటప్పుడు టీచరు కళ్లు పలక మీద కాకుండా పిల్లల మీద ఉండాలి. అక్షరం చదివే పిల్ల చూపు పలక మీద ఉంటుంది, పెదవులు మాటతో పాటే కదులుతాయి. చదవలేని పిల్ల చూపు పక్కపిల్ల నోటి మీద ఉంటుంది, పెదవులు అర క్షణం ఆలస్యంగా కదులుతాయి. అంత తేడా చాలు. ఆ రోజు ఏమీ అనకూడదు. ఎవరో గుర్తుపెట్టుకుని, తర్వాత ఆ ఇంటివాళ్లతో విడిగా మాట్లాడాలి.

పలికే తీరు గురించి కూడా ఒక మాట. అక్కడి పిల్లలు త అనాల్సిన చోట ట అంటుంటారు. ఉడత ‘ఉడట’ అవుతుంది. తకు నాలుక పళ్లకు తగలాలి, టకు నాలుక వెనక్కి మడవాలి. ఇంగ్లిషు టీ ఈ రెండింటికీ మధ్యలో, చిగురు మీద పుడుతుంది. పిల్లలకు అలవాటైంది అదే. క, ఖ తేడా కూడా వాళ్లకు వినబడదు. ఇంగ్లిషులో మాట మొదట వచ్చే క, ప పలుకుల్లో ఎలాగూ కొంత గాలి ఉంటుంది. నోటి ముందు పల్చటి కాగితం పట్టుకుని ఖ అంటే కాగితం ఊగుతుంది, క అంటే ఊగకూడదు. ఏడాది మధ్యలో ఈ ఆట ఆడించాలి. చివరి రోజు మాత్రం ‘ఉడట’ అన్నా సరిదిద్దకుండా, టీచరు తన వంతు వచ్చినప్పుడు ‘ఉడత’ అని స్పష్టంగా అంటే సరిపోతుంది.

పట్టాలు పంచేశాక, పిల్లలు లడ్డూల వైపు పరుగెత్తాక, తల్లిదండ్రులతో ఒక్క రెండు నిమిషాలు మాట్లాడాలి. ఎందుకంటే ఆ తర్వాత దాదాపు మూడు నెలలు బడి లేదు, ఆ మూడు నెలల్లోనే సగం పోతుంది. చాలా ఇళ్లలో చేసే పని, చుట్టాలు వచ్చినప్పుడు పిల్లను పిలిచి అఆఇఈలు చెప్పించడం. పిల్ల గడగడా చెప్పేస్తుంది, అందరూ చప్పట్లు కొడతారు. అది పాట వచ్చినట్టే గానీ అక్షరాలు వచ్చినట్టు కాదు. కావాలంటే ద ఒక్కటే రాసి ఇదేంటని అడగండి. కొందరు పిల్లలు మనసులో క నుంచి మొదలుపెట్టి వేళ్లు మడుస్తూ అక్కడిదాకా వస్తారు. వరస పోతే అక్షరం కూడా పోయినట్టే. కాబట్టి వేసవిలో వరసగా చెప్పించవద్దని తల్లిదండ్రులకు చెప్తాను. రోజుకొక మాట, ఫ్రిజ్ తలుపు మీద అంటించండి. పొద్దున పాలు తీసుకోవడానికి వచ్చినప్పుడు పిల్ల కళ్లు దాని మీద పడాలి. మీరు అడగవద్దు. రెండో రోజుకో మూడో రోజుకో తనే అడుగుతుంది, లేదా తనే చదివేస్తుంది. ఇండియాలో అమ్మమ్మ ఉంటే ఇంకా మంచిది. వీడియోలో అమ్మమ్మ ఒక మాట రాసి పట్టుకుంటే మనవరాలు చదువుతుంది, మనవరాలు రాసి పట్టుకుంటే అమ్మమ్మ చదువుతుంది. అమ్మమ్మకు మాత్రం ముందుగా ఒక సంగతి చెప్పాలి, ఒత్తులూ గుణింతాలూ లేని మాటలే రాయమని. లేకపోతే ఆవిడ మురిపెంగా ‘బంగారుతల్లీ’ అని రాస్తుంది, పిల్ల బిక్కమొహం వేస్తుంది.

సెలవుల తర్వాత తరగతి తెరిచిన రోజు ఏవి మిగిలాయో చూడాలి. ఝ, ఞ, ఙ మర్చిపోయి ఉంటారు. అవి పిల్లల మాటల్లో ఎలాగూ అరుదు, కంగారు పడక్కర్లేదు. ఞ, ఙ గుర్తులేకపోయినా గుణింతం హాయిగా మొదలుపెట్టవచ్చు. కానీ ప, ష, స ఒకదానికొకటి కలిసిపోయి ఉంటే మాత్రం అక్కడే ఆగాలి. పాలు, సాలు ఒకేలా కనబడే పిల్లకు దీర్ఘం చెప్పినా, కొమ్ము చెప్పినా ఆ తడబాటు ఇంకా పెరుగుతుంది. పక్కపక్కనే పెద్దగా రాసి, ఏది ఎక్కడ విడిపోతోందో వేలితో తడిమించి, పడవలో ప, పనసలో ప, స చూపించాలి. ఆ మూడూ విడివిడిగా కళ్లకు ఆనిన తర్వాతే త పక్కన ఆ గీత లాగాలి.